చిలకపచ్చ

శివకాశిలో తెలుగు క్యాలెండర్ల ప్రూఫులు దిద్దుతూ ఇరవై ఏళ్లు గడిపాను. మా ప్రెస్సులో రంగులు చూసే వేల్‌మయిల్‌ను అందరూ అన్నగారన్నట్టు అణ్ణాచ్చి అంటారు. ఆయన నవ్వగా నేను చూసింది బహు తక్కువ. టపాకాయల పెట్టెల మీది లేబుళ్లే ఆయన బతుకు. అవి ఎవరూ పరీక్షగా చూసేవి కావు. కంప్యూటర్లో ఒక్క నొక్కుతో తెర రంగుల ఆర్జీబీని నాలుగు అచ్చు సిరాల సీఎంవైకేగా మార్చి మిషన్‌కు పంపేసేవాడు.

సీనియమ్మాళ్ తెచ్చిన బొమ్మనూ అలాగే మార్చాడు. ఆమె అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేస్తుంది. కూతురు కయల్‌విళి పంతొమ్మిదేళ్లకే జ్వరంతో పోయింది. ఆ పిల్ల ఫోన్లో గీసిన ఆఖరి చిలకను సంవత్సరీకానికి క్యాలెండర్‌గా వేయించి, రెండు వందల మంది బంధువులకు పంచాలని ఆ తల్లి కోరిక.

ప్రూఫు మీద చిలక వాడిన తమలపాకు రంగులో ఉంది. ఈకల గీతలు ఒక్కటీ లేవు. సీనియమ్మాళ్ చూసి, "దీన్ని కూడా చంపేశారా అణ్ణాచ్చీ," అంది. నాకు ఆయన మీద కోపం వచ్చింది.

ఆయన ఆమెను కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాడు. ఫోన్లో రంగు వెలుగుతో పుడుతుంది. కాగితం తానుగా వెలగదు, మీద పడిన వెలుతురులో కొంతను సిరా మింగేస్తుంది, మిగిలిందే మన కంటికి చేరుతుంది. అంత మెరిసే పచ్చ నాలుగు సిరాలకూ అందదు. అందని పచ్చలన్నిటినీ కంప్యూటర్ ఒకే పచ్చగా కుదించేసరికి ఈకలు కలిసిపోయాయి.

"టపాకాయల పెట్టెల మీద మెరుస్తుంది కదా, ఆ సిరా వెయ్యండి," అంది.

"అది ఎండ తగిలితే నెలల్లో వెలిసిపోతుంది, తాయీ. గోడమీద ఉండాల్సింది కదా."

మర్నాడు అసలు ఫైలు ముట్టుకోకుండా నకలు తీశాడు. మా మిషన్‌కూ, క్యాలెండర్ నున్నటి కాగితానికీ సరిపోయే రంగుల ప్రొఫైల్ పెట్టి, అచ్చులో ఎలా వస్తుందో తెరమీదే చూసుకుంటూ కూర్చున్నాడు. చిలక ఒంట్లోంచి ఎరుపునూ నలుపునూ తీసేసి, నీలం, పసుపు మాత్రం ఉంచాడు. ఈకకూ ఈకకూ తేడా మళ్లీ తెచ్చాడు. చుట్టూ ఉన్న ఆకుల్ని ముదురు చేశాడు, చిలక తేటగా కనబడాలని. మూడు రోజులు పట్టింది. లేబుళ్లవాళ్లు ఫోన్లు చేసి తిట్టినా పలకలేదు.

కొత్త ప్రూఫు పక్కన సీనియమ్మాళ్ ఫోన్ పెట్టి చూసింది.

"ఆ పచ్చ కాదు," అంది.

"కాదు తాయీ. అది నావల్ల కాదు. పాప గీసిన ఈకలు మాత్రం అన్నీ ఉన్నాయి."

ఆమె ఒక్కో ఈక మీదా వేలు పెట్టి చూసుకుంది. తర్వాత ఫోన్ ఆపి ఒళ్లో పెట్టుకుంది.

"ఫోన్లో వేలు పెడితే పక్కకు జరిగిపోయేది, అణ్ణాచ్చీ. ఇది కదలడం లేదు."