మంచం కింద ఆడిన నాలుగో వారం

చిన్నప్పకు తెలిసిన సినిమా లెక్క ఒక్కటే. హాలు నిండితే హిట్టు. నిండకపోతే అవతలి హీరో మనుషుల కుట్ర. ఈ రెంటికీ మధ్య ఇంకేదైనా ఉంటుందని నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నా ఆ బుర్రకు తట్టలేదు.

రాజంపేటలో ఇంటరు మొదటి ఏడాదికే కాలేజీకి దండం పెట్టి అభిమాన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అధ్యక్షుడంటే పెద్ద పనేమీ కాదు. రంగు కాగితాలు చింపి గాల్లోకి చల్లడం, కటౌట్‌కు దండ వేయడానికి నిచ్చెనెక్కడం. పొట్టకూటికి ఎవరిదో జీపు రాయచోటి రోడ్డు మీద తోలేవాడు. పది మంది పట్టే జీపులో ఇరవై మందిని కుక్కి, సాయంత్రానికి డబ్బంతా ఓనరు చేతిలో పోసి, మిగిలిన చిల్లరతో సినిమాకు పోయేవాడు. సొంత జీపుంటే బతుకు మారుతుందని దోహా వచ్చి, ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు. పిల్లల్ని బడికి దింపడం, మేడమ్‌ను బజారుకు తీసుకెళ్ళడం, ఎండలో బండి తుడవడం. అలా ఏళ్ళ తరబడి కడుపు మాడ్చుకుని తొమ్మిది వేల రియాళ్ళు కూడబెట్టాడు. ఊళ్ళో జీపు కూడా చూసిపెట్టుకున్నాడు. సెలవు మీద వచ్చేదాకా ఎవరికీ అమ్మనని దాని యజమాని మాటిచ్చాడు.

ఇంతవరకు బాగానే ఉంది. మనిషి ఇక్కడితో ఆగి ఉంటే రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడు అతని హీరో సినిమా ఒకటి విడుదలైంది. దుబాయ్‌లో ప్రింట్లు తెప్పించే ఏజెంటు ఫరీదుద్దీన్ దగ్గర చిన్నప్ప ఒక్క శుక్రవారానికి ప్రింటు అద్దెకు తీసుకున్నాడు. దోహాలో మనవాళ్ళకు సెలవు శుక్రవారమే. అది కూడా మధ్యాహ్నం నమాజు లోపల ముగిసిపోయే పొద్దుటి ఆట ఒక్కటి. అయినా హాలు నిండింది. బిర్కత్ అల్ అవామిర్ వైపు కూలీల క్యాంపుల నుంచి కూడా వ్యాన్లలో జనం దిగారు. హీరో తెర మీదికి రాగానే ఈలలు. బయట బట్ట మీద గీయించిన హీరో బొమ్మకు పాలు పోయాలంటే పాలు లేవని లబన్ డబ్బాలు కుమ్మరించారు. ఆ పుల్లటి మజ్జిగ ఎండకు ఎండి, బొమ్మ మూతి మీద తెల్లగా పెచ్చులు కట్టింది. దాన్ని చూసి కూడా చిన్నప్ప కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ముషైరిబ్‌లో మెహర్ సుల్తానా నడిపే వీడియో క్యాసెట్ల కొట్టు ముందు ఒక అట్ట కట్టాడు. ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాలు: ‘దోహాలో రికార్డు ఓపెనింగ్! గ్రాస్ ఆరువేలు!’

మెహర్ సుల్తానాది నిజామాబాద్. ఆమె తండ్రి అక్కడొక టాకీసుకు మేనేజరు, ఇప్పుడు ఆ కుర్చీలో తమ్ముడున్నాడు. హాలు మేడ మీది గదిలోనే పుట్టి పెరిగింది కాబట్టి హీరోలంటే ఆమెకు కూరగాయలమ్మేవాడికి వంకాయలంటే ఉన్నంత భక్తి. మర్యాద ఇంకా తక్కువ.

“చిన్నప్పా, గీ ఆరువేలు ఎవరియి?” అంది అట్ట చూసి.

“ఎవురివేందక్కా! మా హీరోవి. ఆరు నూర్ల టికెట్లు, టికెట్టు పది రియాళ్ళు. లెక్కేసుకో.”

“లెక్క నాకొస్తది. హాలు కిరాయెంత ఇచ్చినవ్?”

“పదైదు నూర్లు.”

“ప్రింటుకు?”

“మూడు వేలు.”

“వ్యాన్లు, పోస్టర్లు?”

“అయిదు నూర్లయింటాయి.”

“మరి నీకు మిగిలింది వెయ్యి. అదెక్కడ?”

ఆ వెయ్యి బిర్యానీకి, బట్ట బొమ్మకు, లబన్ డబ్బాలకు పోయింది. పక్కన నిలబడిన నాగూర్ ఇకిలించాడు. నాగూర్‌ది నెల్లూరు దగ్గర, చిన్నప్ప గదిలోనే ఉంటాడు. తనది పైసా పెట్టకుండా ఎదుటివాడి ధైర్యాన్ని మెచ్చుకోవడంలో అతన్ని మించినవాడు దోహాలో లేడు.

“ఊరుకోండక్కా. పేపర్లో చూశారా, మన దగ్గర మొదటి వారం కోటిన్నర గ్రాసంట. అన్న చెయ్యి పడితే ఇక్కడా దుమ్ము లేచిపోద్ది.”

“గ్రాసంటే గల్లాలో పడ్డదంతా. పడంగనే సర్కారు వినోదం పన్ను గుంజుకుంటది, గప్పుడు మిగిలేది నెట్. అండ్లకెళ్ళి హాలోడు కిరాయి పట్టుకుంటే, మిగిలింది సినిమా కొన్నోని షేర్. కోటిన్నరల కొన్నోని చేతికి సగమన్న వస్తదో రాదో. ఆడు ఎంతకు కొన్నడో పేపరోడు రాసిండా?”

రాయలేదు. ఏ పేపరూ రాయదు. గ్రాసు పెద్దది కాబట్టి దాన్నే అచ్చేస్తారు. కొన్నవాడి ఏడుపును అచ్చేయడానికి ప్రకటన డబ్బు ఎవడిస్తాడు?

ఆ వారమే ఫరీదుద్దీన్ దుబాయ్ నుంచి దిగాడు. సెంటు వాసన వాడి కంటే ముందు గదిలోకి వచ్చింది. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో చిన్నప్ప ఉండే ఇరుకు గదిలో, మంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“క్యా ఓపెనింగ్ దియా మియా! నేను దుబాయ్‌ల కూడా గంత జోష్ చూడలే. ఇంకో మూడు శుక్రవారాలు తీస్కో. తొమ్మిది వేలు. నీ కోసం ప్రింటు ఇక్కడ్నే వదిలేస్త. బహ్రెయినోళ్ళు అడుగుతుండ్రు, నేనే ఆపిన. కానీ ఫులూస్, పైసలు, ముందే ఇయ్యాలె.”

తొమ్మిది వేలు! ఆ గదిలో డబ్బు దాచిన పెట్టె ఎక్కడుందో, అందులో ఎంతుందో నాగూర్‌కు తెలుసు. నాగూర్‌కు తెలిసింది ఫరీదుద్దీన్‌కు తెలియడానికి ఒక్క చాయ్ చాలు.

చిన్నప్పకు రాత్రికల్లా లెక్క తేలిపోయింది. శుక్రవారానికి ఆరువేలు, మూడు శుక్రవారాలకు పద్దెనిమిది వేలు. ఒక జీపు కాదు, రెండు జీపులు. రాజంపేట బస్టాండులో వాటి మీద హీరో బొమ్మ, కింద తన పేరు. ఆ పద్దెనిమిది వేలలోంచి హాలుకీ వ్యాన్లకీ ఇవ్వాల్సింది ఎంతో తీసేయాలని తోచలేదు. అంకెల్లోంచి తీసేయడమనేది ఆ మనిషి జీవితంలో ఎన్నడూ చేయని పని.

మర్నాడు క్యాసెట్ల కొట్టుకు పోయింది సలహాకు కాదు, గొప్ప చెప్పుకోవడానికి.

మెహర్ సుల్తానా తల పట్టుకుంది. “అరే పిచ్చోడా, కూసో. ప్రింటుకు వారానికి మూడు వేలు పడ్డట్టే. హాలు పదిహేను నూర్లు. వ్యాన్లు, పోస్టర్లు అయిదు నూర్లు. అయిదు వేలు. అంటే వారం వారం అయిదు నూర్ల టికెట్లు తెగితేనే నువ్వు పెట్టింది నీకొస్తది. బ్రేక్-ఈవెన్ అంటరు దాన్ని. అంత తెగినా నీకు లాభం సున్నా. అయిదు నూర్లకు మీద పడే టికెట్టే నీది. మూడు వారాలకు పదిహేను నూర్ల మంది. ఏడికెళ్ళి తెస్తవ్?”

“మొన్న రాలేదా ఏంది, ఆరు నూర్ల మంది?”

“గా ఆరు నూర్ల మందే నీ దోహా అంతా! మన దగ్గర ఓపెనింగంటే శుక్ర, శని, ఆదివారాలు. అవి హీరో పేరు మీద నడుస్తయి. సోమవారం నుంచి సినిమా నడవాలె. నీకు ఆ మూడు రోజులూ ఒక్క ఆటల అయిపోయినయి. ఇగ నీకు మిగిలింది సోమవారమే. మా తమ్ముడు ఫోన్ల చెప్పిండు, సోమవారం మ్యాట్నీకి టికెట్ల కిటికీ కాడ ఈగలు ముసురుతున్నయంట. నిజాం ఏరియాకు సినిమా కొన్నోడు ముఖం చాటేసిండంట.”

“మీ తమ్ముడు అవతలి హీరో మనిషై ఉంటాడులే.”

“ఇంకోటి చెప్త విను. ఆడే సినిమా రీళ్ళ పెట్టె ఎవడన్న నీ మంచం కింద వదిలేసిపోతడా? బహ్రెయినోళ్ళు నిజంగ అడిగితే గాడు నీ దగ్గర చాయ్ తాగుతుంటడా?”

ఇంత స్పష్టమైన మాటకు గోడ అయినా తల ఊపి ఉండేది. చిన్నప్ప లేచి నిలబడ్డాడు.

“ఆడోళ్ళకు సినిమా ఏం తెలుస్తాది లేక్కా. నీకు క్యాసెట్లు పోవని బాధ, అంతే.”

“పో, పోయి జీపును లబన్ల ముంచు,” అంది ఆమె.

పెట్టె తెరిచాడు. ఇచ్చాడు. ఫరీదుద్దీన్ నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని, “నీ మీద భరోసా మియా” అన్నాడు. ఆ మాటకు చిన్నప్ప ఛాతీ ఉబ్బింది. దోచుకునేవాడు లెక్కపెట్టకపోతే దాన్ని గౌరవమనుకున్నాడు.

రెండో శుక్రవారం హాల్లో నూటనలభై మంది కూర్చున్నారు. వాళ్ళలో కొందరు ఏసీ కోసం వచ్చి నిద్రపోయారు. వచ్చిన పద్నాలుగు వందలు హాలు కిరాయికే చాలలేదు. హాలు మేనేజరు మిగతా వంద తెమ్మని గేటు దగ్గర నిలబెట్టాడు. వ్యాన్లవాళ్ళు వేరే తిట్టారు. నాగూర్ కనపడలేదు. క్యాంపులో ఎవరికో జ్వరమని చెప్పిపోయాడట.

మిగతా జనం ఎక్కడున్నారో తెలుసుకోవడానికి చిన్నప్ప ముషైరిబ్ దాకా నడిచాడు. కొట్టు ముందు గుంపు. అదే సినిమా క్యాసెట్టు అప్పుడే వచ్చింది. మూడు రియాళ్ళ అద్దెకు ఒక క్యాసెట్టు పట్టుకుపోతే గదిలో పది మంది చూస్తారు. జ్వరమొచ్చినవాడి దగ్గర ఉండాల్సిన నాగూర్ చేతిలో కూడా ఒకటుంది.

“అన్నా, పాటలు మళ్ళీ చూద్దామని...” అన్నాడు. వాడి మొహంలో సిగ్గు అన్న పదార్థం వెతికినా దొరకదు.

“ఒరే, హాల్లో చూసుంటే పోయేది కదరా!”

“పది రియాళ్ళన్నా!”

మూడో శుక్రవారం హాలువాడు కిరాయి ముందే కట్టమన్నాడు. కట్టడానికి లేదు. ఆట పడలేదు. నాలుగో శుక్రవారం పొద్దున రేకు డబ్బాల్లో ఉన్న రీళ్ళు చిన్నప్ప మంచం కింద, అతని చెప్పుల పక్కనే ఉన్నాయి. ఆ డబ్బాల మీద కాళ్ళు పెట్టుకుని బూట్లు తొడుక్కుని డ్యూటీకి పోయాడు. రాజంపేటకు ఫోను చేసి, జీపు ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాడు.

ఫరీదుద్దీన్ రీళ్ళ కోసం మనిషిని పంపాడు కానీ తను రాలేదు. డబ్బు సంగతి అడిగితే ఫోనులో నవ్వి, “బిజినెస్ హై మియా” అన్నాడు.

తర్వాత ఎవరో సెలవు నుంచి వస్తూ తెలుగు పేపరు తెచ్చారు. అందులో సగం పేజీ ప్రకటన. మొదటి శుక్రవారం దోహా హాలు ముందు తీసిన ఫోటో, ఈలలు వేస్తున్న జనం, మధ్యలో లబన్ డబ్బా ఎత్తి పట్టుకున్న చిన్నప్ప. ఫోటో పైన: ‘ఖతర్‌లో దిగ్విజయంగా నాలుగో వారం! రికార్డు గ్రాస్!’

తొమ్మిది వేలు మింగిన అబద్ధం అది. మనిషన్నవాడైతే దాన్ని చింపి పొయ్యిలో వేస్తాడు. చిన్నప్ప అంచులు కత్తిరించి, అన్నం మెతుకులతో మంచం పైన గోడకు అంటించాడు.

మెహర్ సుల్తానా కొట్టు ముందు బండి ఆపినప్పుడు దాని సంగతి చెప్పకుండా ఉండలేకపోయాడు.

“చూసినావా అక్కా? నాలుగు వారాలంట. నేను చెప్తే నమ్మినావు కాదు. హిట్టే.”

ఆమె క్యాసెట్లు సర్దుతూ తలెత్తలేదు.

“ఎవనికి?” అంది.

చిన్నప్ప, బండిలో మేడమ్ కోసం తీసుకున్న ఐస్‌క్రీం కరిగిపోతుందని గుర్తొచ్చి, ఎక్కి కూర్చున్నాడు. బండి మంచిదే, కొత్తది. తనది కాదు.