ఎంచితే నీలం కాని అక్షరాలు

ఆ బయోడేటా కాగితం నాకు చూడగానే నచ్చింది. ఎడమ పక్క ముదురు నీలం పట్టీ, అందులో గుండ్రంగా కత్తిరించిన నా చిన్న కూతురి ఫోటో, ఫోన్ నంబరు ముందు బుల్లి ఫోన్ బొమ్మ, ఆమెకు ఏ పని ఎంత బాగా వచ్చో చెప్పే నక్షత్రాలు. కుడి పక్క ఆమె చేసిన ఉద్యోగాలు, వాటి పైన ఇంగ్లిషులో ‘మై జర్నీ’ అని వంపులు తిరిగిన శీర్షిక. బతుకంతా బోర్డులు రాసినవాణ్ణి నేను. బడికి పోయింది తక్కువ, గోడల మీద అక్షరాలు దిద్దుతూ చదువుకున్నాను. ఏ అక్షరానికి ఎంత ఎడం ఉండాలో కంటితోనే కొలుస్తాను. దాన్ని చేసిచ్చిన కడప బస్టాండు దగ్గరి డీటీపీ షాపతను మంచి పనివాడే అనుకున్నాను.

నా కూతురు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. సున్నపురాయి, బట్టీలోంచి వచ్చే క్లింకరు, తయారైన సిమెంటు, అన్నింటినీ పరీక్ష చేయడం ఆమె పని. కాంట్రాక్టరు మారాడు, పాతవాళ్లందరినీ ఇంటికి పంపించారు. అప్పుడే దగ్గర్లోని ఇంకో ఫ్యాక్టరీలో పర్మనెంటు కెమిస్టు పోస్టు పడింది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు, తన బిడ్డను బడి మార్చే పనిలేదు. చుట్టుపక్కల ఆమె చదువుకు తగిన పని అదొక్కటే.

కాగితం పట్టుకొని ఇద్దరం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయాం. వాచ్‌మన్ చేత్తో కూడా ముట్టలేదు.

“ఈడ తీసుకోరు పెద్దాయనా. ఆన్‌లైన్లో పెట్టుకోమని చెప్పు.”

“లోపల మనుషులు లేరా?”

“ఉండారు. వాళ్లూ ఆన్‌లైన్లోనే ఉండారు.”

నాకు ఒళ్లు మండింది. నా కాలంలో నా పని చూపించడానికి కాగితం కూడా అక్కర్లేదు. రాయచోటి బస్సు మీద నేను రాసిన ఊళ్ల పేర్లు చూసి, ఆ బస్సు దిగిన మిల్లు మేస్త్రీ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. “ఈ అక్షరాలు రాసినోడు యాడుండాడప్పా?” అని అడిగాడు. అంతే, నాకు పని దొరికింది. ఇప్పుడు గేటు దాటాలంటే ముందు ఒక యంత్రం మనల్ని చదవాలి.

ఆమె ఆ రోజే ఫోన్లోంచి ఫ్యాక్టరీ వెబ్‌సైటులో ఆ కాగితం ఫైలు పెట్టింది. ఫైలు పెట్టగానే పేరు, చదువు, అనుభవం అన్నీ వాటంతట అవే గళ్లలోకి వచ్చి కూర్చుంటాయని స్నేహితురాలు చెప్పిందట. ఒక్కటీ రాలేదు. నెట్టు సరిగా లేదేమో అనుకొని పేరు, ఫోనూ, మెయిలూ తానే కొట్టింది. అనుభవం గడి తప్పనిసరి కాదు. ఫైల్లో అంతా ఉంది కదా అని ఖాళీగా వదిలేసింది.

తర్వాత ఎదురుచూపులు మొదలయ్యాయి. వంట చేస్తున్నా ఫోను పొయ్యి గట్టు మీదే. ఆమె కంటే తక్కువ అనుభవమున్న ఒకతన్ని ఇంటర్వ్యూకి పిలిచారని తెలిసిన రోజు అన్నం ముట్టలేదు. ఆ ఫ్యాక్టరీలో చేరిన ఆమె పాత సహోద్యోగి ఒకాయన మాకు గేటు పాసు ఇప్పించాడు.

ఉద్యోగాల దరఖాస్తులు చూసే గదిలో కర్నూలు పిల్ల ఒకతె కూర్చొని ఉంది. మర్యాదగానే మాట్లాడింది.

“మీ అప్లికేషన్ వచ్చింది మేడం. వెతికినప్పుడు మాత్రం రాలేదు.”

“వచ్చిందంటావు, రాలేదంటావు. ఏందమ్మా ఇది?” అన్నాను.

“శానా అప్లికేషన్లు వస్తాయి తాతా. అన్నీ తెరిచి చూసేకి అయ్యేది లేదు. ఫైల్లో ఉండే మాటలన్నీ సిస్టం బయటికి తీసి పెట్టుకుంటాది. మేము సిమెంటు, క్లింకర్ అని కొడతాం. ఆ మాటలు ఉండేవాళ్లు పైకొస్తారు.”

“లేనోళ్లను తీసేస్తుందా?”

“తీసేయదు. కిందనే ఉండిపోతారు. అంత కిందికి ఎవురూ పోరు.”

తెర మా వైపు తిప్పింది. ఒక పక్క మా అందమైన కాగితం. ఇంకో పక్క సిస్టం దాంట్లోంచి తీసుకున్న మాటలు ఉండాల్సిన చోటు. అక్కడ ఏమీ లేదు, తెల్లగా ఉంది. వేరే ఎవరిదో ఫైలు తెరిచి మౌసుతో వాక్యం మీద గీసింది. అక్షరాలు నీలంగా మారాయి. మా దాని మీద గీసింది. ఒక్క అక్షరమూ నీలం కాలేదు.

“ఇది బొమ్మ తాతా. మనకు అక్షరాల మాదిరి కనపడతాది, దానికి ఉత్త గీతలు. బొమ్మలోంచి చదివే సిస్టములు కూడా ఉండాయంట. మాది చదవదు.”

నా కూతురు మెల్లగా అడిగింది: “ఇప్పుడు మార్చి పెడితే?”

“ఇంటర్వ్యూలు అయిపోయినాయి మేడం.”

బస్సులో ఆమె ఏడవలేదు. కిటికీ బయట నీళ్లు లేక ఎండిన వంక కనిపించినంత దూరం దాన్నే చూస్తూ కూర్చుంది.

బస్సు దిగి నేరుగా డీటీపీ షాపుకే పోయాను. అతను ఫ్లెక్సీ మీద ఎవరిదో పుట్టినరోజు ముఖం అతికిస్తున్నాడు.

“ఏమప్పా, నా బిడ్డ అక్షరాలను ఏం చేసినావు?”

విన్నాక అతను నెత్తి గోక్కున్నాడు. “కర్వ్స్ చేసినా పెద్దాయనా. అంటే అక్షరాన్ని గీత కింద మార్చేది. పెండ్లి కార్డుగానీ ఫ్లెక్సీగానీ అట్ల చేయకుండా ఇస్తే, ప్రెస్సు కాడ మన ఫాంటు లేక అక్షరాలన్నీ పగిలిపోతాయి. నేను నేర్చుకున్నప్పటి నుంచి అట్లనే చేస్తాండా.”

“ఇది పెండ్లి కార్డా?”

“బాగలేదని ఎవురన్నా అన్నారా?”

ఎవరూ అనలేదు. అసలెవరూ చూడలేదు.

డబ్బులొద్దని మళ్లీ చేసిచ్చాడు. ఈసారి అక్షరాలను అక్షరాలుగానే ఉంచాడు గానీ, నీలం పట్టీ వదలడానికి అతనికి మనసొప్పలేదు. నా కూతురు ఇప్పుడు ఏదీ నమ్మేట్టు లేదు. యంత్రం ఎట్లా చదువుతుందో తెలియాలని అందులోదంతా ఎంచి, కాపీ చేసి, ఏ అలంకారమూ లేని ఖాళీ పేజీలో అతికించి చూసింది. ఎడమ, కుడి వరుసలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయాయి. కెమిస్టు అన్న మాట పక్కన తెలుగు, హిందీ. ఫ్యాక్టరీ పేరు మధ్యలో మా ఇంటి చిరునామా. నక్షత్రాలు వట్టి చుక్కలయ్యాయి. ఈసారి పేజీ నెత్తిన, హెడర్ అని విడిగా ఉండే చోట పెట్టిన ఫోన్ నంబరును కొన్ని సిస్టములు చూడనే చూడవని ఆ కర్నూలు పిల్ల ముందే చెప్పింది.

చివరికి ఆమే కూర్చొని చేసుకుంది. ఫోటో లేదు, పట్టీ లేదు, గళ్లు లేవు. పైనుంచి కిందికి ఒకటే వరుస. యంత్రం గుర్తుపట్టదని ‘మై జర్నీ’ తీసేసి ‘ఎక్స్‌పీరియన్స్’ అని పెట్టింది. దాని కింద ఏ ఫ్యాక్టరీ, ఏ నెల నుంచి ఏ నెల దాకా, అక్కడ ఏయే పరీక్షలు చేసిందీ పూర్తి మాటల్లో రాసింది. నేను చూశాను. కరెంటు బిల్లు కూడా అంతకంటే కళగా ఉంటుంది. ఆమెతో అనలేదు.

కర్నూలు వైపు ఇంకో ఫ్యాక్టరీలో పోస్టు పడితే ఈ కొత్త ఫైలు పెట్టింది. ఉద్యోగం వస్తే అక్కడే రూము తీసుకొని ఉండాలి, బిడ్డను మా దగ్గర వదలాలి. ఫైలు పెట్టగానే నన్ను కేకేసింది.

“నాయనా, ఇట్ల రా. చూడు.”

పేరు పేరు గడిలో, నంబరు నంబరు గడిలో, ఆమె పనిచేసిన ఏండ్లన్నీ వరుసగా, వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. వేలితో ఒక్కొక్కటే చూపించింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం తేటపడింది.

“చదివింది నాయనా.”

“చదివింది” అన్నాను.

ఇది జరిగి రెండు పండగలు దాటాయి. ఆమె ఇప్పుడు మెడికల్ షాపు కౌంటర్లో నిలబడుతోంది. మధ్యాహ్నం అన్నం క్యారియరు ఇవ్వడానికి పోయినప్పుడు, ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చిందా అని నేను అడగను. అడగకపోయినా ఆమె తల అడ్డంగా ఊపుతుంది.