నాన్న ఫోనుకి వచ్చిన మెసేజి

మా అమ్మ మెడలో చాలా ఏళ్ళు పసుపుతాడే ఉండేది. పుస్తెలగొలుసు ఇంటి స్లాబు కోసం తాకట్టుకి వెళ్ళింది. ఏడాదికోసారి వడ్డీ కట్టి దాన్ని నిలబెట్టుకుంటూ వచ్చారు. ఎవరైనా పెళ్ళిలో అమ్మ మెడ వైపు చూస్తే నాన్నకి ప్రాణం పోయేది.

"పీఎఫ్ వస్తాది కదే, మొదట గొలుసు ఇడిపిస్తాను," అనేవాడు.

విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో ఆయన గోనెపట్టా నేసేవాడు. నార ధూళికి దగ్గు ఇంట్లో మనిషిలా మాతోనే ఉండేది. నెలనెలా జీతం స్లిప్పులో పీఎఫ్ కోత కనబడేది. ఆ స్లిప్పులన్నీ అమ్మ తాకట్టు రసీదుతో పాటు ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టేది.

పీఎఫ్‌కి ఆన్‌లైన్ ఖాతాలు తెరిచిన రోజుల్లో నాన్నకి ఫోను లేదు. మిల్లులో హాజరు రాసే టైం ఆఫీసు గుమస్తా, జమ మెసేజీలు వచ్చేచోట తన నంబరే రాసేశాడు. ఒక్క నాన్నకే కాదు, మగ్గాల వాళ్ళలో సగం మందికి అదే నంబరు. అందరూ అదొక ఉపకారమనే అనుకున్నారు. అడిగినప్పుడల్లా "పడతన్నాదిలే మావా" అనేవాడు గుమస్తా. మావా అని పిలిచినవాణ్ణి అనుమానించడం మా వాళ్ళకి చేతకాదు.

నాన్న మిల్లు నుంచి దిగిపోయాక నేనే నెట్ సెంటరుకి తీసుకెళ్ళి, ఖాతాకి ఆయన సొంత నంబరు ఎక్కించాను. పాస్‌బుక్ తెరుచుకుంది. చివరి కొన్నేళ్ళ దగ్గర ఏమీ లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడమంటే ఏమిటో ఆ స్క్రీన్ ముందు నాకు అర్థమైంది. నాన్న మాత్రం "కిందకి లాగి సూడమ్మా, ఇంకా ఉంటాది," అంటూనే ఉన్నాడు.

గుమస్తా దగ్గరికి వెళ్తే వచ్చే నెల కట్టేస్తారన్నాడు. ఆ వచ్చే నెల రాలేదు. డబ్బా పట్టుకుని నాన్నతో విశాఖపట్నం పీఎఫ్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి అధికారిణి స్లిప్పులన్నీ ఓపికగా చూసింది.

"ఫిర్యాదు ఇవ్వండి. మిల్లు రికార్డులు తెప్పించి విచారణ చేసి, బాకీ ఎంతో తేలుస్తాం. కట్టకపోతే వాళ్ళ బ్యాంకు ఖాతాలు, ఆస్తులు జప్తు చేసైనా వడ్డీతో రాబట్టొచ్చు. జీతంలో కోసుకుని కట్టకపోవడం నమ్మకద్రోహం, పోలీసు కేసు కూడా పెట్టొచ్చు," అంది.

"మరి నా పెన్షనో తల్లీ?"

"అది ఆగదు. వాళ్ళు కట్టకపోయినా మీరు పనిచేసిన కాలం లెక్కలోకి వస్తుంది. పీఎఫ్ డబ్బు మాత్రం వాళ్ళ దగ్గర వసూలయ్యాకే మీ ఖాతాలో పడుతుంది."

ఆలోచించుకుని వస్తానని నాన్న ఫిర్యాదు కాగితం ఇంటికి తెచ్చాడు. ఆ సాయంత్రమే ఆయన పక్క మగ్గం మీద పనిచేసే మావ వచ్చాడు.

"బావా, నువ్వు దిగిపోయినోడివి. నువ్వు కేసెడితే గేటుకి తాళమేత్తారంట. మా పిల్లలేటి తింటారు?"

నాన్న కాగితం మడిచి డబ్బాలో పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. దొంగ హాయిగా నిద్రపోతున్నాడు, సొమ్ము పోయినవాళ్ళు ఒకరి నోరు ఒకరు మూసుకుంటున్నారు. ఆ మాటే అన్నాను.

"ఆకలి నీకు తెలీదమ్మా," అన్నాడు నాన్న.

ఆ రోజు నుంచి ఫోను జేబులోంచి తీసేవాడు కాదు. ఫోను కంపెనీ వాళ్ళ ప్రకటనలొచ్చినా "పీఎఫ్‌దేనా సూడు" అని నా చేతికిచ్చేవాడు. వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఆయన గుండె ఆగిపోయింది. చొక్కా మార్చేటప్పుడు జేబులో ఫోను అలాగే ఉంది.

పెద్దకర్మ నాడు అమ్మ మెడలో పసుపుతాడు తీసేశారు. బంగారు గొలుసు తీసినా అంత బరువనిపించి ఉండదు. ఆ మరుసటి వారమే అమ్మ డబ్బా తెరిచి, ఫిర్యాదుని భార్యగా తన పేరు మీద రాయించి వేలిముద్ర వేసింది. మావ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో తన స్లిప్పులు.

"నన్ను కూడా తీసుకెళ్ళమ్మా. నాను బావకి అడ్డమొచ్చాను," అని ఏడ్చాడు. వెనకాల ఇంకొందరు వచ్చారు.

విచారణ వాయిదాల మీద వాయిదాలుగా సాగింది. మిల్లుకి తాళమైతే పడలేదు. అమ్మకి ముందు పెన్షన్ మొదలైంది. మిల్లు ఖాతా జప్తు చేశాక బాకీ కొంచెం కొంచెంగా కదిలింది.

మొన్న అమ్మ బియ్యం ఏరుతుంటే గూట్లో నాన్న ఫోను మోగింది. ఆ నంబరు పోనివ్వకుండా రీఛార్జి చేయిస్తూనే ఉన్నాం. ఎప్పుడో కోసిన ఒక నెల పీఎఫ్ జమ అయిందని నాన్న పేరు మీద మెసేజి.

చదివి వినిపించాను. అమ్మ చేట కింద పెట్టింది. చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి వెళ్ళి, అక్కడ ఏమీ లేక ఆగిపోయింది.

"ముందు మీ నాన్నకి సెప్పమ్మా," అంది.