పాత లేబులు చూసి దిద్దిన ప్రూఫు

ఎనభైల్లో కృష్ణగిరిలో మామిడి రసం సీసాల్లో నింపే ఒక చిన్న ఫ్యాక్టరీలో నాకు గుమాస్తా ఉద్యోగం. కాయల కాలానికి ముందు లేబుళ్లు అచ్చు వేయించడం నా పనే. నిరుటి లేబులొకటి సంచిలో పెట్టుకుని హోసూరు ప్రెస్సుకు బస్సెక్కేదాన్ని.

ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయనకు మా నాన్న వయసు. పాత లేబులు ఆయన పైకి చదివేవాడు, అక్షరం అక్షరంగా. కొత్త ప్రూఫు మీద నేను వేలు జరుపుకుంటూ పోయేదాన్ని. "మిల్లీలీటరు చిన్నక్షరాల్లోనే ఉండాదా? చివర్లో చుక్క పడలేదు గదా?" అని ఆపేవాడు. ఒక యేడు సిట్రిక్ యాసిడ్ అనే మాటలో ఒక అక్షరం ఎగిరిపోయి ఉంటే నేనే పట్టుకున్నాను. "గద్ద కండ్లమ్మా నీవి" అన్నాడు. నాకు గర్వం కొంచెం ఎక్కువే, మురిసిపోయాను. తెరిచాక మూడు రోజుల్లో వాడమనే హెచ్చరిక, నిల్వకు ఏ మందూ కలపలేదనే వరస, అన్నీ పాతదానితో సరిపోయాయి. ఆయనొక సంతకం, నేనొక సంతకం పెట్టాం.

వెళ్లేముందు ఆయన మొహమాటపడుతూ అడిగాడు. "నా కూతురికి ఉబ్బసమమ్మా. నిల్వ మందు పడితే ఊపిరాడదు, డాక్టరు వద్దన్నాడు. మీది మందు లేనిది గదా, రెండు సీసాలు పంపిస్తావా?"

కొత్త లేబుళ్లు అంటించిన మొదటి పెట్టెలోంచే తీసి పంపాను.

నాలుగో రోజు ఏదో సంతకం కోసం రసం కలిపే గదిలోకి పోయాను. కాల్చిన అగ్గిపుల్ల వాసన. కెమిస్టు తెల్లటి పొడి తూస్తున్నాడు.

"ఇదేందప్పా?"

"నిల్వ మందమ్మా. ఉడికిస్తే సీసాలు పగిలిపోతా ఉండాయని ఈ యేడు ఉడికించేది తగ్గించినాం. దాని బదులు ఇది. మొదటి రోజు నుంచి వేస్తానే ఉండాం."

ఎన్నేళ్లుగానో ఈ పని చేస్తున్నాను. ప్రూఫు దిద్దే ముందు ఈ గదికొచ్చి, ఏం కలుపుతున్నారో ఒక్కసారైనా అడగలేదు. పాత లేబులే మాకు వేదం.

ఓనరుకు చెప్పి, లేబుళ్లు అంటించడం ఆపించి, దొరికిన బస్సెక్కాను. హోసూరు అంత దూరమని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆయన ఇంట్లో పిల్ల గోడకానుకుని కూర్చుని ఉంది. మెడ నరాలు తేలి ఉన్నాయి, పిల్లికూతలు గడప దాకా వినిపిస్తున్నాయి. సూది వేయించుకుని అప్పుడే వచ్చారట. కిటికీలో సీసా సగం ఖాళీగా ఉంది.

నిలబడే చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆ సీసా తెచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, లేబులు మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివాడు.

"ఒక్క తప్పు కూడా లేదే అమ్మా" అన్నాడు.