ఐదో తారీకు లారీ

రత్నాలు దేనికీ జంకే మనిషి కాదు. దారిలో పాము కనిపిస్తే, ‘పో, నీ దారి నువ్వు చూసుకో’ అని నిలబడే రకం. చింతపల్లి కాఫీ రైతుల సంఘంలో మెయిళ్లు చూసేది ఆమే. ఆఫీసు పక్కనే నా టీ కొట్టు. ఆ పొద్దున ఆమె టీ ముట్టకుండానే గ్లాసు బల్ల మీద పెట్టి ఆఫీసులోకి పరిగెత్తింది, వెనకే నేనూ వెళ్లాను.

లారీ డ్రైవర్ ఫోన్ చేశాడట, ‘ఏప్రిల్ ఐదుకి సరుకు సిద్ధమేనా’ అని. మా కాఫీ కొనే కంపెనీతో కుదిరింది ఇరవై ఐదు. ఐదో తారీకుకి కొండల్లో ఇటుకల పండగ. మగవాళ్లంతా వేటకి పోతారు, బస్తా ఎత్తే నాథుడుండడు.

ముందురోజు కంపెనీ ఒప్పందం మళ్లీ పంపింది, ‘చిన్న సవరణలు’ అంటూ. రత్నాలు చదవకుండానే ‘సరే’ అని జవాబిచ్చేసింది. కొండల్లో ఆడిన మాటని రెండోసారి ఎవరు చూసుకుంటారు?

“సంతకం పెట్టలేదు కదా, సార్?” అంది.

“లేదు. కానీ మెయిల్లో సరే అన్నా ఒప్పుకున్నట్టే అంటారేమో” అన్నాడు మేనేజరు సూర్యనారాయణ.

రెండు మెయిళ్లూ కాగితాల మీద తీశారు. ఆయన పాతది పైకి చదువుతుంటే ఆమె కొత్తదాని మీద వేలు నడిపింది. అంకెలైతే ఒక్కొక్కటిగా. ధర దగ్గర వేలు ఆగలేదు. తేదీ దగ్గర ఆగింది: ఇరవై ఐదు, ఐదైంది. గింజలో తేమ పదకొండు శాతం మించకూడదన్నది పదికి దిగింది. తూకం చింతపల్లి గోడౌన్లో అన్నది విశాఖకి పోయింది. ‘ఆలస్యమైతే మాట్లాడుకుందాం’ అన్న చోట ‘సరుకు తిరస్కరించవచ్చు’ అని కూర్చుంది.

బస్తాలు కట్టేసిన కాఫీ మళ్లీ ఆరబెట్టాలంటే రోజులేవి? కంపెనీ కాదంటే నాలుగు గూడేల ఏడాది కష్టం దళారుల పాలే. అందులో ఆమె తండ్రి భీముడి బస్తాలూ ఉన్నాయి. భీముడు గుమ్మంలోనే కూర్చుని, “మాట మార్సేత్తారేటే అమ్మీ?” అని అడిగాడు. ఆమె ఏడ్చేసింది.

తర్వాత కళ్లు తుడుచుకుని మెయిల్ రాసింది. అక్కడ ఏముండేది, ఇప్పుడేముంది, నాలుగు మార్పులూ వరసగా పెట్టింది. ‘ఇవి మాకు చెప్పలేదు. నా సరే వెనక్కి తీసుకుంటున్నాను. మొదటిదానికే సంతకం పెడతాం’ అంది.

మధ్యాహ్నం దాకా ఎవరూ ఆఫీసు వదిలి కదల్లేదు. కంపెనీ మంకుపట్టు పడితే మేం చేయగలిగింది లేదు, అది అందరికీ తెలుసు. చివరికి జవాబొచ్చింది: ‘పొరపాటైంది. పాతదే పంపుతున్నాం.’

సూర్యనారాయణ దాన్ని కాగితం మీద తీసి పెన్ను పట్టాడు. రత్నాలు ఆ పెన్ను లాక్కుంది. మళ్లీ చదివారు, మొదటి అక్షరం నుంచి. అంతా పాతదే. అప్పుడు పెన్ను తిరిగిచ్చింది.

ఆయన సంతకం పెట్టబోతుంటే గుమ్మంలోంచి భీముడు లేచాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కమాటా రెండుసార్లు అడగని మనిషి.

“ఆగండి బాబూ,” అన్నాడు. “ఇంకోపాలి సదవండి.”