అంచున నిలబడ్డ అక్క

అక్కాతమ్ముళ్లు కలిసి పెట్టిన బేకరీ అది. ఫొటోలు దిద్దడం అక్క వృత్తి. తెరిచిన రోజు ఇద్దరూ కలిసి దిగిన ఫొటో తెచ్చి, "పాతకాలందిలా చెయ్యక్కా, షాపుకి పెద్దరికం వస్తుంది," అన్నాడు తమ్ముడు.

ఆమె రంగులు తీసేసి గోధుమరంగు పూసింది. పైన మరకల కాగితం పొర పరిచి, సన్నటి గీతలు గీసింది.

"అంచులు ఇంకా వెలిసిపోవాలక్కా."

పాత ఫొటోలు అంచుల నుంచే వెలిసిపోతాయి కదా అని ఆమె ఇంకా వెలిసిపోయేలా చేసింది.

మర్నాడు గోడమీద ఫొటోలో తమ్ముడొక్కడే ఉన్నాడు. అక్క నిలబడ్డ చోట ఉత్త పాలిపోయిన కాగితమే. "ఒంటిచేత్తో పెట్టానండీ," అని వచ్చినవాళ్లకు చెబుతున్నాడు.

"నేనేదిరా?"

"నీ చేత్తోనేగా చెరిపావు."

"నువ్వు నడుమ ఉండాలని ఆరోజు పక్కకి జరిగిందీ నేనేలే," అని మెట్లు దిగింది.