మార్జిన్‌లో మెలిక

"రెండు భాషలూ వచ్చుగా మేడం, వాళ్ళన్నది వీళ్ళకి చెప్పేయడమేగా!" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈత వచ్చుగా, గోదారి దాటేయడమేగా అన్నట్టుంటుంది ఆ మాట. రాజమండ్రిలో పాతికేళ్ళు కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, ఆ ఉద్యోగం మానేశాక దుబాసీ పనిలో దిగాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. కాదనను. ఇప్పుడు చెప్పబోయేది ఆ కోపం చేసిన పని గురించే.

మా పనిలో ఎదుటి మనిషి మూడు నాలుగు నిమిషాలు మాట్లాడి ఆపుతాడు. అప్పుడు నేను అందుకుని, అదంతా రెండో భాషలో చెప్పాలి. "ఆయన ఇలా అన్నాడు" అనకూడదు. ఆయన "నేను" అంటే నేనూ "నేను" అనాలి. చేతిలో పైకి తిప్పే సన్నటి నోట్‌బుక్కు ఉంటుంది. విన్న మాటలన్నీ రాస్తూ కూర్చుంటే చెయ్యి ఆడుతుంది గానీ చెవి మూసుకుపోతుంది. అందుకే మాటలు రాయను. ఎవరు, ఏం చేశారు, ఎవరికి చేశారు అన్నది మెట్లలా ఏటవాలుగా, ఒకదాని కింద ఒకటి గీసుకుంటాను. కారణానికి బాణం, కాదన్నదానికి కొట్టివేత. అంకెలు మాత్రం విన్న క్షణానే రాసేయాలి, అవి బుర్రలో నిలవవు. మిగతాదంతా కళ్ళ ముందు బొమ్మ కట్టుకుంటాను. ఆ బొమ్మ చెదరకుండా చూసుకోవడమే జ్ఞాపకం. నోట్సు దానికి కొక్కెం మాత్రమే.

పేజీకి ఎడమవైపు సన్నటి మార్జిన్ గీసుకుంటాను. అది గొంతు కోసం. కోపంగా అన్నదానికి మిరపకాయ, ఏడుస్తూ అన్నదానికి చుక్క, వెటకారంగా అన్నదానికి మెలిక. మెలిక గుర్తు మా గోదావరి జిల్లాల కోసమే కనిపెట్టుకున్నాను. మా వాళ్ళు పొగిడారంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి మరి.

ఆ రోజు పని భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో. రొయ్యలు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒక ఆడిటరమ్మ తనిఖీకి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, నన్ను పెట్టుకుంది. రెండు నెలల క్రితం ఆ ఫ్యాక్టరీలో శీతల గదుల వైపు గొట్టం నుంచి అమ్మోనియా గ్యాసు కారింది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళంతా వెనక తలుపు వైపు పరిగెత్తారు. తలుపుకి తాళం! తాళంచెవి తెచ్చి తీసేలోపు తోపులాటలో ఒకావిడ మణికట్టు విరిగింది. ఇదంతా ఎవరో పేరు లేకుండా ఆ కంపెనీకి ఉత్తరం రాశారు. ఇప్పటికీ తాళం వేస్తూనే ఉన్నారని కూడా రాశారు. యాజమాన్యం ఏమో అసలు ఎప్పుడూ తాళమే లేదంది. తేల్చాల్సింది అదొక్కటే. తేలకపోతే తాళం అలాగే ఉంటుంది, ఈసారి గ్యాసు కారితే మణికట్టుతో పోదు.

గేటు దగ్గరే మేనేజరు ఎదురొచ్చాడు. "మేడం గారూ, మనోళ్ళు కాస్త సాగదీస్తారండి. మీరు కొంచెం షార్టు చేసి చెప్పేయండి, ఆవిడకీ టైము కలిసొస్తుంది" అన్నాడు నవ్వుతూ. "వాళ్ళు ఎంత సాగదీస్తే అంతా చెప్పడానికే వచ్చానండీ" అన్నాను. ఆ నవ్వు చూస్తేనే అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున్నే అలా మొదలైంది నా రోజు.

ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపించారు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. నేల అప్పుడే కడిగినట్టు తడిగా ఉంది. తర్వాత ఒక చిన్న గదిలో, యాజమాన్యం వాళ్ళెవరూ లేకుండా, పనివాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడించింది ఆడిటరమ్మ. మొదట వచ్చిన ముగ్గురూ తల వంచుకుని "మాకేం తెలీదండి" అనేసి వెళ్ళిపోయారు. నాలుగో మనిషి మణికట్టు విరిగినావిడ. నలభై ఏళ్ళుంటాయేమో. చేతికి ఇంకా పట్టీ ఉంది. కుర్చీ చివర కూర్చుని, గోడవైపు ఒకసారి, తలుపువైపు ఒకసారి చూసింది.

వెనక తలుపుకి తాళం వేస్తారా అని ఆడిటరమ్మ అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"తాళమాండీ? అబ్బెబ్బే! మా తలుపుకి తాళమేంటండీ! మా సూపర్‌వైజరు గారు ధర్మాత్ములండి. మమ్మల్ని సొంత అప్పచెల్లెళ్ళలా చూసుకుంటారండి. ఆ తలుపు పొద్దస్తమానం తెరిచే ఉంటాదండి. దానెనకాల ట్రేలు పేర్చరండి, ఒక్కటంటే ఒక్కటి ఉండదండి. తాళంచెవి సూపర్‌వైజరు గారి టేబులు సొరుగులో, టీ ఫ్లాస్కు పక్కన ఉండనే ఉండదండి. నా చెయ్యాండీ? నా చేతకానితనమండి. చూసుకోకుండా పోయి గుద్దుకున్నానండి, తలుపు తప్పేం లేదండి."

ముఖంలో ఒక్క గీత కదల్లేదు. గొంతు మాత్రం ఉప్పూ కారం దట్టించినట్టుంది. నా చెయ్యి దానంతటదే మార్జిన్‌లో పైనుంచి కిందిదాకా మెలిక గీసింది. ఆవిడ తెలివి నాకు అప్పుడే అర్థమైంది. ఈ మాటలు ఎవరు ఎక్కడ వినిపించినా, ఆవిడ సూపర్‌వైజరును పొగిడినట్టే ఉంటుంది. నిజం అంతా గొంతులో పెట్టింది. ఆ గొంతు మోసుకెళ్ళాల్సిన మనిషిని నేను.

నేనేం చేశాను? ఒక్క ముక్క పోకుండా చెప్పాను. ధర్మాత్ముడూ, అప్పచెల్లెళ్ళూ, ట్రేలూ, సొరుగూ, ఫ్లాస్కూ అన్నీ వరసగా. ఎంత బాగా గుర్తుపెట్టుకున్నానో అని లోపల మురిసిపోతూ, పాఠం చదివినట్టు చదివాను. మాటలన్నీ ఒడ్డు దాటాయి, గొంతు ఒక్కటే ఇవతల ఉండిపోయింది. ఆడిటరమ్మ తల ఊపింది. కాగితం మీద "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను.

అలాంటప్పుడు దుబాసీ ఆపవచ్చు. "ఇది దుబాసీ మాట: ఆవిడ గొంతులో వెటకారం ఉంది, ఇంకోసారి అడగండి" అనవచ్చు. తప్పు కాదు సరికదా, అనకపోవడమే తప్పు. కానీ ఆడిటరమ్మ అప్పటికే జీతాల గురించి తర్వాతి ప్రశ్న అడిగేసింది. నేను ఆ మాట అక్కడితో అయిపోయిందన్నట్టు చక్కగా అడ్డగీత గీసి, ఆ ప్రశ్న అందుకున్నాను. ఛీ, ఇప్పటికీ ఆ అడ్డగీత తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సాయంత్రం నాలుగింటికి చివరి సమావేశం. మేనేజరు, సూపర్‌వైజరు, ఆడిటరమ్మ, నేను. సూపర్‌వైజరుకి ఇంగ్లీషు రాదు, అతని కోసం నేను తెలుగులో చెప్పాలి. ఉత్తరంలో రాసింది రుజువు కాలేదు, తలుపు తెరిచే ఉంటుందని తేలింది అంది ఆడిటరమ్మ. ఆ మాట నా నోటితో నేనే అన్నాను: "తలుపు తెరిచే ఉంటుందని తేలింది."

"ఆయ్, మరేనండీ! మేం ముందునుంచీ చెప్తుంది అదేగదండీ" అన్నాడు సూపర్‌వైజరు, పళ్ళన్నీ బయటపెట్టి. మేనేజరు పొద్దున్నటి నవ్వే మళ్ళీ నవ్వాడు.

అంతే. నాలో ఏదో తెగింది. నోట్‌బుక్కు టేబుల్ మీద కొట్టి, "తప్పు! నేను చెప్పిన తీరే తప్పు! చెయ్యి విరిగినావిడ అన్నదంతా వెటకారం. ప్రతి మాటకీ అర్థం తిరగేసి చూసుకోండి. లేని తాళంచెవికి ఫ్లాస్కు పక్కన చోటెందుకు?" అని ఇంగ్లీషులో అరిచాను. ఆడిటరమ్మ ఒక్క క్షణం నన్ను చూసి లేచింది. తిన్నగా సూపర్‌వైజరు టేబులు దగ్గరికి వెళ్ళి సొరుగు తీయమంది. టీ ఫ్లాస్కు ఉంది. దాని పక్కన తాళం, తాళంచెవి ఉన్నాయి. అక్కణ్ణుంచి వెనక తలుపు దగ్గరికెళ్ళాం. పొద్దున్న ఖాళీగా ఉన్నచోట ట్రేలు మళ్ళీ నా భుజం ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆమె ఫోటోలు తీసుకుంది. లోపలినుంచి తోస్తే తెరుచుకునే తలుపు పెట్టేదాకా తమ కంపెనీకి ఒక్క రొయ్యా ఎక్కించవద్దంది. ఆ మాట తెలుగులో చెప్పేటప్పుడు నా గొంతు ఎక్కడా తగ్గలేదు. ఎంత హాయిగా ఉందో!

మేనేజరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, అందులో ఒక్క ముక్క రాసుకున్నాడు. ఆయనకి ఇంగ్లీషు శుభ్రంగా వచ్చు.

తిరుగు ప్రయాణంలో కారులో ఆడిటరమ్మ అంది: "నన్ను పక్కకి పిలిచి చెప్పి ఉంటే సరిపోయేది కదా." నాకు మళ్ళీ మండింది. ఆమె అన్నది నిజం కాబట్టి మండింది. ఎవరు ఏం చెప్పారో బయటికి పొక్కకూడదని, పని అయ్యాక నోట్సు చింపేయడం మా నియమం. నియమం ప్రకారం ఆ కారులోనే పేజీలన్నీ ముక్కలు ముక్కలుగా చింపాను. నోటితో అరిచేశాక కాగితం చింపి ఏం లాభం? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనలేదు.

నెల తిరక్కుండా కొత్త తలుపు ఫోటో పంపింది ఆడిటరమ్మ. ఎర్ర రంగు అడ్డకమ్మీ, తోస్తే చాలు. చెయ్యి విరిగినావిడ ఏమైందోనని నాకు నిద్ర పట్టక, మర్నాడే బస్సెక్కి షిఫ్టు వదిలే వేళకి ఆ ఫ్యాక్టరీ దారిలో నిలబడ్డాను. "ఆవిడాండీ? తీసేశారు గదండీ. చేత్తో రొయ్య ఒలవలేకపోతందని చెప్పి మానిపించేశారండి" అన్నారు తోటివాళ్ళు. అందులో ఒకావిడే ఇల్లు చూపించింది.

ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, ఎడమచేత్తో కుర్చీ లాగి వేసింది. నేనేదో మొదలుపెట్టాను. తప్పు నాదేనన్నాను, ఆడిటరమ్మకి రాస్తానన్నాను, మళ్ళీ పనిలోకి తీసుకునేలా చూస్తామన్నాను. ఆవిడ అంతా విన్నది. చివర్న, ఆ రోజు లాగే ముఖంలో ఒక్క గీత కదలకుండా అంది:

"అయ్యో, మీరెందుకండీ బాధపడతారు! తమరి దయవల్ల ఇంటిపట్టున కూర్చున్నానండి. పొద్దున్నే లేచి పరిగెత్తే పని తప్పిందండి. చాలా మేలు చేశారండి అమ్మగారూ."

నోట్‌బుక్కు నా సంచీలోనే ఉంది, తీయలేదు. ఆ మాట పక్కన ఏ గుర్తు పెట్టాలో నాకు తెలుసు. ఈసారి దాన్ని మోసుకెళ్ళి ఇంకెవరికో అప్పజెప్పే పని లేదు. అది నాకు చెప్పిన మాటే.